ఎంఆర్ఐ కాగితం తర్వాత, ముందు కాలు చూడమనండి



ఈసారి పంట గురించి కాదు, పంట పండించే నడుము గురించి రాస్తున్నా. అదీ మామూలు నడుం నొప్పి కాదు. పిర్ర దగ్గర మొదలై తొడ వెనక నుంచి పిక్కలోకి, అక్కడి నుంచి పాదంలోకి కరెంటు షాకులా జివ్వుమని దిగే నొప్పి. డాక్టర్లు సయాటికా అంటారు, మనం నరం లాగుతోంది అంటాం. ఈ నొప్పి రాగానే మన ఊళ్లల్లో రెండే దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, నాటు వైద్యంతో నెలల తరబడి నెట్టుకురావడం. రెండోది, వారం తిరక్కుండానే కారు మాట్లాడుకుని టౌనుకు పోయి ఎంఆర్ఐ తీయించుకోవడం, ఆ కాగితం చూసి భయపడి ఆపరేషన్‌కి ఒప్పుకోవడం. రెండూ తప్పే అంటాను నేను. ఎందుకో చెప్తా, కాస్త ఓపికగా చదవండి.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలియాలి. వెన్నుపూసల మధ్య డిస్కు ఉంటుంది. తాటి ముంజె లాంటిదనుకోండి, చుట్టూ గట్టి పొర, లోపల మెత్తటి జిగురు ముద్ద. ఏళ్ల తరబడి వంగడం, మోయడం, వయసు, ఒంటి తీరు అన్నీ కలిసి ఆ పొర బలహీనపడుతుంది. ఒకరోజు అది చిట్లి లోపలి ముద్ద కొంత బయటికి పొడుచుకొస్తుంది. పక్కనే కాల్లోకి పోయే నరం వేరు ఉంటుంది, దాన్ని వత్తుతుంది. వత్తడం ఒక్కటే కాదు, ఆ జిగురు తగిలిన చోట నరం వాస్తుంది, మండుతుంది. మిరపకాయలు కోసిన చెయ్యి కంట్లో పెట్టుకున్నట్టే. అందుకే చెడింది నడుములో అయినా మంట పాదంలో తెలుస్తుంది.

డిస్కు జారింది అంటాం గానీ, అది పక్కకు జారిపోయిన వస్తువు కాదు, వెనక్కి నెడితే చోట్లో కూర్చోదు. అందుకే కాలు లాగుతున్నప్పుడు ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుం తన్నించుకోవడం, తొక్కించుకోవడం వద్దు. మామూలు నడుం పట్టు ఎలాగూ నాలుగు రోజుల్లో వదులుతుంది, పేరు తన్నినవాళ్లకు వస్తుంది. నరం వత్తుకున్న మనిషికి అది ప్రమాదం.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటి ఉంది. బయటికి వచ్చిన ఆ ముద్దను మన ఒళ్లే మెల్లగా కరిగించుకుంటుంది. పెద్దగా తెగి బయటపడ్డ ముక్కలే చాలాసార్లు ఎక్కువగా కరుగుతాయి. దాంతోపాటు నరం వాపు కూడా తగ్గుతుంది. అందుకే ఎక్కువమందికి 6 నుంచి 12 వారాల్లో, ఏ ఆపరేషన్ లేకుండానే కాలు నొప్పి బాగా తగ్గిపోతుంది. మనం ఆగమనేది అందుకే.

ఇప్పుడు నాకు తెలిసిన ఇద్దరి సంగతి చెప్తా. పేర్లు రాయను, ఇద్దరూ రాయమన్నారు కాబట్టే రాస్తున్నా.

మొదటాయన పత్తి రైతు, 46 ఏళ్లు. జూన్‌లో 50 కేజీల డీఏపీ బస్తా బండి మీదికి ఎత్తుతుంటే నడుంలో కలుక్కుమంది. మూడో రోజుకి నడుం కాస్త నయం, కానీ కుడి కాలు మొదలైంది. పిర్ర, తొడ బయటివైపు, పిక్క బయటివైపు, పాదం పైన, బొటనవేలు దాకా. దగ్గినా తుమ్మినా జివ్వుమనేది. ఊళ్లో ఐదు రోజులు వరసగా సూదులు వేయించుకున్నాడు. ఎనిమిదో రోజు చుట్టాలు తీసుకుపోయి ఎంఆర్ఐ తీయించారు. రిపోర్టులో ఎల్4-ఎల్5 దగ్గర డిస్కు పొడుచుకొచ్చి కుడి నరాన్ని వత్తుతోంది, ఇంకో రెండు డిస్కులు ఉబ్బాయి, అరిగాయి అని ఉంది. ఒక ఆసుపత్రిలో కాగితం చూసి, రాడ్లు, స్క్రూలు వేయాలి, వచ్చే వారమే చేయాలి అన్నారు. కాలు ముట్టుకుని చూడలేదు.

ఇంట్లో వాళ్లకు మనసొప్పక ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఆయన రిపోర్టు పక్కన పెట్టి ముందు మంచం మీద పడుకోబెట్టాడు. మోకాలు వంచకుండా కుడి కాలు పైకి లేపితే సగం ఎత్తు రాకముందే పిక్క కిందికి షాక్ కొట్టింది. అంటే నరం మీద ఒత్తిడి ఉన్న మాట నిజమే. తర్వాత మడమల మీద నడిపించాడు, నడిచాడు. మునివేళ్ల మీద నడిపించాడు, నడిచాడు. బొటనవేలు పైకి లేపమని తన చేత్తో కిందికి నొక్కాడు, రెండు కాళ్లదీ ఒకటే బలం. దూది తాకించి స్పర్శ చూశాడు, పాదం పైన కొంచెం మొద్దుగా ఉంది అంతే. మూత్రం, మలం బాగానే వస్తున్నాయి. అప్పుడు చెప్పాడు: "నరం మండుతోంది కానీ పని మానేయలేదు. ఆరు వారాలు చూద్దాం. రోజూ మడమల మీద పది అడుగులు వెయ్యి. వెయ్యలేని రోజు ఆగకుండా రా."

రెండు వారాలు నరకం చూశాడు, అబద్ధం చెప్పను. మూడో వారం నొప్పి పాదం వదిలి పిక్క దాకా వచ్చింది. ఆరో వారానికి పిర్రలో మాత్రమే మిగిలింది. పదో వారంలో చేలోకి దిగాడు, బస్తాలు మాత్రం ఎత్తలేదు. ఆ స్క్రూలు పడలేదు.

రెండో ఆయన మాకు వరసకు బావ, వరి రైతు. 41 ఏళ్లు. ఈయనకీ కుడి కాలే, ఈయన రిపోర్టులోనూ ఎల్4-ఎల్5, అదే నరం. రెండు కాగితాలు పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో మీరు చెప్పలేరు. కానీ రెండో వారంలో గట్టు మీద నడుస్తుంటే కుడి కాలి చెప్పు ఊడిపోయింది, ఊడినట్టు కూడా ఆయనకు తెలియలేదు. మర్నాడు పాదం లేవక కాలివేళ్లు నేలకు తగిలి తడబడ్డాడు. విచిత్రం ఏంటంటే, అదే రోజుల్లో నొప్పి కొంచెం తగ్గింది. తగ్గింది కదా అని ఇంట్లో అందరూ సంతోషపడ్డారు. నరం దెబ్బతింటూ మొద్దుబారితే కూడా నొప్పి తగ్గొచ్చు. నొప్పి తగ్గి బలం కూడా తగ్గిందంటే అది నయం కావడం కాదు. ఈయనకు డాక్టరు ఆగమనలేదు. ఆ వారమే ఆ ఒక్క డిస్కు దగ్గర చిన్న కోత పెట్టి, బయటికి వచ్చిన ముక్క తీసేశారు. స్క్రూ ఒక్కటీ వేయలేదు. కాలు లాగుడు రెండో రోజుకే పోయింది. పాదం బలం రావడానికి మాత్రం నెలలు పట్టింది, బొటనవేలు ఇప్పటికీ పూర్తిగా లేవదు.

ఒకే రిపోర్టు, రెండు వేరే తీర్పులు. తేడా కాగితంలో లేదు, కాల్లో ఉంది. నేను చెప్పదలుచుకున్నది ఇదే.

ఎంఆర్ఐ అబద్ధం చెబుతుందని నేను అనడం లేదు. ఉన్నదంతా చూపిస్తుంది, అదే చిక్కు. ఏ నొప్పీ లేని మనుషులకు తీసిన స్కాన్లన్నీ కలిపి 2015లో ఒక పెద్ద పరిశీలన వచ్చింది, మూడు వేల మందికి పైగా లెక్క. 20 ఏళ్ల వాళ్లలోనే 30 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపించింది. 50 ఏళ్ల వాళ్లలో 60 శాతం మందికి. మళ్లీ చెప్తున్నా, వీళ్లెవరికీ నొప్పి లేదు. జుట్టు నెరిసినట్టే డిస్కూ నెరుస్తుంది. కాబట్టి మన వయసులో ఎవరికి తీసినా ఏదో ఒకటి రాసి వస్తుంది. రాసింది మన నొప్పికి కారణమా కాదా అనేది, నొప్పి ఏ కాల్లో ఏ దారిలో దిగుతోంది, ఏ కండరం బలం తగ్గింది, అవి ఆ నరంతో సరిపోతున్నాయా అని చూస్తేనే తేలుతుంది. ఎడమ కాలు లాగుతుంటే స్కాన్‌లో కుడివైపు ఉబ్బు ఉందని కోయించుకుంటే ఏం లాభం? ఇక ఎక్స్‌రే అయితే ఎముకలే చూపిస్తుంది, డిస్కు గానీ నరం గానీ కనపడవు.

మరి స్కాన్ ఎప్పుడు? నా లెక్క ఇది.

ఆ రాత్రికి రాత్రే పోవాల్సిన పరిస్థితి ఒకటుంది, బాగా గుర్తుపెట్టుకోండి. సైకిలు సీటు తగిలే చోటు, అంటే మలద్వారం, మర్మాంగాల చుట్టూ మొద్దుబారడం. మూత్రం రాకపోవడం, లేక వస్తున్నట్టు తెలియకపోవడం. మలం ఆపుకోలేకపోవడం. లాగుడు రెండు కాళ్లలోకీ దిగి బలం పోవడం. నడుం కింద నరాల కట్ట మొత్తం నలిగిపోతున్నప్పుడు ఇలా ఉంటుంది. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. న్యూరోసర్జన్ ఉన్న పెద్దాసుపత్రికి పోవాలి, వెంటనే ఎంఆర్ఐ, తేలితే వెంటనే ఆపరేషన్. ఆలస్యమైతే మూత్రం మీద అదుపు జీవితాంతం రాకపోవచ్చు. హైదరాబాద్ నిమ్స్, విశాఖ కేజీహెచ్ లాంటి ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో న్యూరోసర్జరీ విభాగాలు ఉన్నాయి. మగవాళ్లు సిగ్గుపడి చెప్పరు. నాట్లు వేసే, కలుపు తీసే ఆడవాళ్లు అసలే చెప్పరు. నడుం నొప్పితో పడుకున్న మనిషిని ఇంట్లోవాళ్లే అడగాలి, ఒంటికి సరిగ్గా పోతున్నావా, అక్కడ స్పర్శ తెలుస్తోందా అని.

రెండోది, మా బావకు వచ్చినట్టు పాదం లేవకపోవడం, మునివేళ్ల మీద లేవలేకపోవడం, మోకాలు మడతపడి పడిపోవడం. ఇది రోజుల్లో తేల్చాల్సిన విషయం, వారాలు కాదు.

మూడోది, నడుం నొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి, పాత క్యాన్సర్, చెట్టు మీద నుంచో ట్రాక్టర్ మీద నుంచో పడటం, చాలాకాలం స్టెరాయిడ్లు వాడటం. మన దగ్గర వెన్నెముకకు టీబీ కూడా వస్తుంది, దగ్గు లేకుండా కూడా రావచ్చు. వీళ్లకు ఆరు వారాల లెక్క వర్తించదు, ముందే పరీక్షలు చేయాలి.

ఇవేవీ లేకపోతే, ఆరు వారాలు చూసినా నొప్పి తగ్గక, నిద్ర పట్టక, పని సాగకపోతే అప్పుడు ఎంఆర్ఐ. ఎందుకంటే అప్పుడు ఆపరేషనో, నరం దగ్గర వేసే ఇంజక్షనో ఆలోచించాలి, దానికి సర్జన్‌కి ఎక్కడ వెతకాలో తెలియాలి. స్కాన్ అనేది సర్జన్‌కి పటం లాంటిది. ప్రయాణమే లేనప్పుడు పటం కొనుక్కుని ఏం చేస్తాం?

ఇక్కడ మీరు ఒక మాట అడుగుతారు, న్యాయమైన మాటే. "ఆరు వారాలు కూర్చోమంటే అదును ఆగుతుందా? ఆపరేషన్ చేయించుకుని తొందరగా చేలో పడటం మేలు కదా?" దీనికి నెదర్లాండ్స్‌లో 2007లో వచ్చిన పరీక్ష జవాబు చెప్పింది. 6 నుంచి 12 వారాలుగా తీవ్రమైన సయాటికా ఉన్న 283 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి తొందరగా ఆపరేషన్. రెండో భాగానికి ఆగి చూడటం, తప్పనిసరైతేనే ఆపరేషన్. ముందు కోయించుకున్నవాళ్లకు కాలు నొప్పి త్వరగా తగ్గింది, అది నిజం. కానీ ఏడాది తిరిగేసరికి రెండు భాగాల్లోనూ 95 శాతం మంది కోలుకున్నామన్నారు. ఆగినవాళ్లలో 39 శాతం మందికి చివరికి ఆపరేషన్ పడింది, మిగతావాళ్లకు పడలేదు.

అంటే ఆపరేషన్ కొనిచ్చేది తొందరని. ఆ తొందర కూడా మన పనికి ఎంత పనికొస్తుందో ఆలోచించండి. కుర్చీలో పనిచేసేవాడు కొన్ని వారాల్లో కుర్చీ ఎక్కొచ్చు. ఆపరేషన్ అయిన నడుంతో 45 కేజీల యూరియా బస్తా, నీళ్లతో నిండిన 16 లీటర్ల స్ప్రే ట్యాంకు అంత తొందరగా ఎత్తనివ్వరు. ఆ సీజన్ బరువు పని ఎటైనా పోయినట్టే. అందుకే పొలం పని కోసం ఆపరేషన్ అనే లెక్క నాకు పొసగదు. నొప్పి భరించలేకపోతున్నా, ఆరు వారాలు దాటింది, స్కానూ కాలూ ఒకే మాట చెబుతున్నాయి అన్నప్పుడు చేయించుకోండి, భయం అక్కర్లేదు. అలాగే ఆగమన్నాను కదా అని నెలలు, ఏళ్లు కాలు ఈడ్చుకుంటూ తిరగొద్దు. నాలుగు నెలలు దాటినా తగ్గని వాళ్ల మీద కెనడాలో చేసి 2020లో ప్రచురించిన పరీక్షలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకే కాలు నొప్పి ఎక్కువ తగ్గింది.

ఒప్పుకునే ముందు సర్జన్‌ని మూడు అడగండి. ఏ నరం వత్తుకుంది, నా కాలి నొప్పి దానితో సరిపోతోందా? ముక్క తీయడం సరిపోతుందా, స్క్రూలు ఎందుకు? ఇంకో నెల ఆగితే ఏం నష్టం? మామూలుగా మొదటిసారి పొడుచుకొచ్చిన డిస్కుకి ముక్క తీస్తే సరిపోతుంది. పూస పక్కకు జరగడం లాంటి వేరే కారణం ఉంటేనే స్క్రూలు, ఆ కారణం మీకు చెప్పాలి. ఆపరేషన్ ప్రధానంగా కాలు లాగుడికే, పాత నడుం నొప్పి మొత్తం పోతుందనుకోవద్దు. కొంతమందికి అదే డిస్కు మళ్లీ పొడుచుకొస్తుందనీ తెలుసుకోండి.

ఆగే ఆ ఆరు వారాలు ఎలా గడపాలి? మంచం పట్టొద్దు. మరీ బాధగా ఉంటే ఒకటి రెండు రోజులు పడుకోండి, తర్వాత ఇంటి చుట్టూ కొంచెం కొంచెం నడవండి. ఎక్కువసేపు కూర్చోవడం, బండి మీద గతుకుల్లో పోవడం, ట్రాక్టర్ సీటు, వంగి బరువెత్తడం ఆపండి. నొప్పి పాదం నుంచి పైకి పాకి నడుం వైపు వస్తుంటే, నడుంలో కాస్త ఎక్కువైనా కంగారు పడొద్దు, అది మంచి గుర్తు. కిందికి దిగుతుంటే ఆ రోజు చేసిన పని తగ్గించండి.

నొప్పి మాత్రలు డాక్టరు రాసినన్ని రోజులే. బీపీ, షుగరు, కిడ్నీ, కడుపులో పుండు ఉంటే ముందే చెప్పండి. రోజూ సూది మాత్రం వద్దు. ఆ సూదుల్లో తరచూ ఉండే నొప్పి మందు కిడ్నీలకు, కడుపుకు చేటు, స్టెరాయిడ్ కలిస్తే షుగరు పెరుగుతుంది. ఇంకోటి, పిర్ర మీద తప్పు చోట పొడిస్తే సరిగ్గా ఈ నరానికే తగులుతుంది, ఉన్న రోగానికి ఇంకోటి తోడవుతుంది. నరాల మాత్రలని రాసే ప్రీగాబలిన్ మీద ఆస్ట్రేలియాలో చేసి 2017లో ప్రచురించిన పరీక్షలో, ఆ మాత్ర వేసుకున్నవాళ్లకూ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకూ కాలు నొప్పిలో తేడా రాలేదు, తల తిరగడం మాత్రం ఎక్కువైంది. వాడుతున్నవాళ్లు ఉన్నపళంగా ఆపకండి, డాక్టర్ని అడిగి తగ్గించుకోండి. అది వేసుకుని మోటారు బావి దగ్గరికి, ట్రాక్టర్ మీదికి పోకండి.

చివరగా ఒక్క మాట. ఈసారి ఏ డాక్టరు దగ్గరికి పోయినా ఎంఆర్ఐ కవరు ముందు చేతికివ్వకండి. ముందు బల్ల మీద పడుకుని, "సార్, నా కాలు చూడండి, మడమల మీద నడిచి చూపిస్తా" అనండి. చూసినవాడి మాట వినండి. చూడకుండా కత్తి మాట ఎత్తితే కవరు చంకలో పెట్టుకుని ఇంకో డాక్టరు దగ్గరికి నడవండి. మడమల మీద నడవగలిగినన్నాళ్లు, ఒంటికి సరిగ్గా పోతున్నన్నాళ్లు, జ్వరం లాంటి గుర్తులు లేనన్నాళ్లు, ఇంకో డాక్టర్ని అడిగే టైము మీకుంటుంది.